వెయిటింగ్ లిస్ట్ 16, 17, 18. సాయంత్రం రైలుకి పొద్దున్నే చార్ట్ వేసేస్తే మా సంగతేంటి?

కాకినాడ_గాలి (రాత్రి 9:05)
రేపు సాయంత్రం 5:20కి విశాఖలో బయలుదేరి సికింద్రాబాద్ వెళ్లే రైలు. స్లీపర్, ముగ్గురికి ఒకే పీఎన్‌ఆర్, ఆన్‌లైన్‌లో తీసిన టికెట్. ఇప్పుడు GNWL 16, 17, 18 చూపిస్తోంది. ఆర్‌ఏసీ 34 దాకా ఉందని ఒక యాప్ చెబుతోంది. చార్ట్ పొద్దున ఏడింటికల్లా వచ్చేస్తుందంటున్నారు. సాయంత్రం రైలుకి పొద్దున్నే ఎందుకండీ అంత తొందర? ఆ పది గంటల్లో ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ బెర్తులు మాకు రావా?

పట్టాల_పక్కన (రాత్రి 9:31)
వేళ సంగతి ముందు చెబుతాను. 2025 జులై దాకా మొదటి చార్ట్ బయలుదేరే వేళకి నాలుగు గంటల ముందు వేసేవారు. తర్వాత అది ఎనిమిది గంటలైంది. డిసెంబరులో మళ్లీ మార్చారు. పొద్దున 5:01 నుంచి మధ్యాహ్నం 2 గంటల లోపు కదిలే రైళ్లకి ముందురోజు రాత్రి 8 గంటలకే చార్ట్ పడుతుంది. మధ్యాహ్నం 2:01 నుంచి అర్ధరాత్రి దాకా, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5 దాకా కదిలేవాటికి కనీసం పది గంటల ముందు. మీ రైలు 5:20ది కాబట్టి పొద్దున 7:20 లోపు.

ఇక తొందర ఎందుకంటే, చార్ట్ అంటే పేర్ల జాబితా ఒక్కటే కాదు. అప్పటిదాకా ఎవరికోసమో పక్కన పెట్టి ఉంచిన బెర్తులన్నిటినీ ఒక్కసారిగా బయటికి తీసి పంచే పని అది. ఎమర్జెన్సీ కోటా, రక్షణ శాఖ వాళ్ల కోటా, మహిళల కోటా, తత్కాల్‌లో అమ్ముడుపోకుండా మిగిలినవి, ఇవన్నీ ఆ నిమిషం దాకా మీ వెయిటింగ్ లిస్ట్‌కి కనబడవు. చార్ట్ నడిచేటప్పుడు మిగులు మొత్తం ఒకే కుప్పలో పడుతుంది. ముందు ఆర్‌ఏసీ వాళ్లకి, ఆ వెనక వెయిటింగ్ వాళ్లకి వరుసలో వెళ్తుంది. అందుకే రాత్రి 18లో ఉన్న టికెట్ పొద్దున ఒక్క దూకులో ఆర్‌ఏసీ అయిపోవచ్చు. రోజంతా ఒకటీ రెండూ కదిలిన అంకె చూసి ఎవరూ అంచనా వేయలేరు.

సీటు_సీతయ్య (రాత్రి 9:48)
అంత చరిత్ర ఎందుకండీ. చార్ట్ ప్రింటు తీసి, ఒక్కో పెట్టె తలుపు పక్కన అతికించాలి కదా, దానికి టైం పడుతుంది. అందుకే ముందు. మా చిన్నప్పటి నుంచి అంతే.

పట్టాల_పక్కన (రాత్రి 9:59)
సీతయ్య గారూ, పెట్టెల మీద కాగితం అతికించడం పెద్ద స్టేషన్లలో 2018 మార్చి నుంచే మానేశారు. ఇప్పుడు చార్ట్ నేరుగా టీటీఈ చేతిలో ఉండే చిన్న యంత్రంలోకి వెళ్తుంది. జిగురు డబ్బా లేకపోయినా చార్ట్ మరింత ముందుకే జరిగిందంటే కారణం వేరే ఉన్నట్టే కదా.

అసలు కారణం వెయిటింగ్‌లో ఉన్న మనిషే. నాలుగు గంటల ముందు తెలిస్తే, ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు అప్పటికే బస్సెక్కి స్టేషన్‌కి బయలుదేరి ఉంటాడు. టికెట్ రాలేదని దారిలో తెలుస్తుంది. పది గంటల ముందు తెలిస్తే ఇంకో రైలో, బస్సో చూసుకుంటాడు. తెల్లవారుజామున ఆరింటి రైలు సంగతి మరీ ఘోరంగా ఉండేది. చార్ట్ రాత్రి రెండింటికి పడితే చూసేదెవరు? ఇప్పుడు రాత్రి ఎనిమిదికే తెలిసిపోతుంది.

దీనికి తోడు ఎమర్జెన్సీ కోటా దరఖాస్తుల గడువు కూడా ముందుకి జరిపారు. మీ రైలులాగా మధ్యాహ్నం 2 తర్వాత కదిలేవాటికి ముందురోజు సాయంత్రం 4 లోపే ఉత్తరం చేరాలి. అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం 2 లోపు రైళ్లకి ముందురోజు పన్నెండింటికల్లా చేరాలి. అంటే మీ రైలుకి ఇవాళ నాలుగింటికే ఆ తలుపు మూసుకుపోయింది. రేపు పొద్దున లోపు ఎవరికి ఇవ్వాలో తేల్చి, మిగిలింది వదిలేస్తారు.

లెక్కల_లింగం (రాత్రి 10:12)
నేను లెక్క చెప్తా. ఆర్‌ఏసీ 34 మంది ఉన్నరు, మీది 18. అంటే మీ ముంగట 51 మంది. పక్కా బెర్త్ కావాలంటే 52 బెర్తులు ఖాళీ గావాలె. స్లీపర్ల ఒక్క రాత్రిల అన్ని ఎట్ల ఖాళీ అయితయన్నా? ఆశ వదులుకో.

పట్టాల_పక్కన (రాత్రి 10:27)
లింగం గారూ, దారి సరిగ్గానే పట్టుకున్నారు కానీ చివర్లో తప్పింది. 34 మంది ఆర్‌ఏసీ అంటే 17 సైడ్ లోయర్లు, ఒక్కోదానికి ఇద్దరు. ఆ 17 బెర్తులు ఎక్కడికీ పోవు కదా, చివరికి అవి కూడా ఎవరికో పూర్తి బెర్తులుగా మిగులుతాయి.

కాబట్టి లెక్క ఇలా సాగుతుంది. ఒక పూర్తి బెర్త్ ఖాళీ అయితే ఆర్‌ఏసీలో మొదటివాడు అందులోకి వెళ్తాడు. అతను వదిలిన సగం సీటులోకి వెయిటింగ్ 1 వస్తాడు. అంటే ఒక్క బెర్త్ ఖాళీ అయితే ఇద్దరి స్థితి మారుతుంది. వెయిటింగ్ 18 ఆర్‌ఏసీలోకి రావాలంటే 18 బెర్తులు చాలు. ఆ తర్వాత వెయిటింగ్ ఎవరూ లేరనుకుంటే, ఆర్‌ఏసీ నుంచి ఒకరు లేచి వెళ్లగానే పక్కనున్న మనిషికి ఆ సైడ్ లోయర్ మొత్తం దక్కుతుంది. మొత్తం 52 మందిలో 17 మందికి చోటు అక్కడే ఉంది, కాబట్టి అందరికీ పడుకునే బెర్త్ రావాలంటే 52 కాదు, 35 ఖాళీ కావాలి. మీ వెనక 19, 20 అంటూ ఇంకా జనం ఉంటే మాత్రం వాళ్లు ఆ సగాల్లోకి వచ్చి కూర్చుంటారు, అప్పుడు లెక్క మళ్లీ పెరుగుతుంది.

లెక్కల_లింగం (రాత్రి 10:34)
అవునన్నా, సైడ్ లోయర్లు మర్చిన. 35 కరెక్ట్.

బెజవాడ_జంక్షన్ (రాత్రి 10:50)
నాదీ ఇలాంటిదే, కాస్త చూడండి. హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలు, ఎల్లుండి పదకొండున్నరకి విజయవాడలో ఎక్కాలి. వెయిటింగ్ 6. పదకొండున్నర రైలు కాబట్టి రేపు రాత్రి ఎనిమిదికి చార్ట్ వస్తుంది, అప్పటిదాకా ఆగొచ్చు. కరెక్టేనా?

పట్టాల_పక్కన (రాత్రి 11:04)
కాదండీ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గడియారం మీరు ఎక్కే స్టేషన్ నుంచి కాదు, రైలు పుట్టే స్టేషన్ నుంచి నడుస్తుంది. ఆ రైలు రేపు మధ్యాహ్నం మూడింటికి హౌరాలో కదులుతుందనుకోండి, దాని మొదటి చార్ట్ రేపు తెల్లవారుజాము ఐదింటి లోపే పడుతుంది. మీరు రేపు రాత్రి చూసేసరికి దాదాపు పదిహేను గంటల కిందటే అంతా తేలిపోయి ఉంటుంది.

మీ టికెట్ మీద వెయిటింగ్ అంకె ముందు ఏ అక్షరాలున్నాయో చూడండి. GNWL అయితే రైలు పుట్టిన స్టేషన్ దగ్గరి కోటాతో ముడిపడింది. PQWL అయితే మధ్య స్టేషన్లన్నిటికీ కలిపి ఇచ్చిన చిన్న కోటా, అంకె చిన్నదే అయినా కదలడం కష్టం. RLWL అయితే ఆ మధ్య స్టేషన్‌కి విడిగా ఉన్న కోటా, దానికి చార్ట్ కూడా అక్కడి నుంచే విడిగా పడొచ్చు. అందుకే వేళ లెక్క వేసుకుని నమ్మకంగా కూర్చోకండి. రేపు పొద్దున లేవగానే పీఎన్‌ఆర్ పేజీ తెరవండి. కింద `Chart Not Prepared` అని ఉందంటే ఇంకా అవకాశం ఉన్నట్టు.

బెజవాడ_జంక్షన్ (రాత్రి 11:09)
PQWL 6 అండీ. ఆరే కదా అని ధీమాగా ఉన్నాను.

పట్టాల_పక్కన (రాత్రి 11:15)
PQWL 6 కన్నా GNWL 40 మీద నాకు ఎక్కువ నమ్మకం. బస్సు కూడా ఒకటి చూసి పెట్టుకోండి.

అత్తిలి_అమ్మాయి (రాత్రి 11:22)
బెజవాడ గారికి ఇంకో మాట. టికెట్ తీసేటప్పుడు వికల్ప్ పెట్టుకున్నారా? పెట్టుకుని ఉంటే, చార్ట్‌లో మీ టికెట్ పూర్తిగా వెయిటింగ్‌లోనే మిగిలితే, అదే దారిలో వెళ్లే వేరే రైల్లో ఖాళీ ఉన్నచోట మిమ్మల్ని వేయొచ్చు. అదనంగా డబ్బు కట్టక్కర్లేదు. అయితే అలా వేశాక అది ఖాయమైన టికెట్ కిందే లెక్క. తర్వాత రద్దు చేసుకుంటే ఖాయమైన టికెట్‌కి కోసినట్టే కోస్తారు. పాత రైలు ఎక్కడానికి వీల్లేదు. మెసేజ్ చూసుకోకుండా పాత రైలెక్కి టికెట్ లేనివాళ్ల కింద నిలబడిన వాళ్లున్నారు. వికల్ప్ పెట్టుకుంటే చార్ట్ తర్వాత పీఎన్‌ఆర్ మళ్లీ తెరిచి రైలు నంబర్ అదేనా కాదా చూసుకోవడం తప్పనిసరి.

సీటు_సీతయ్య (రాత్రి 11:40)
ఇవన్నీ పెద్ద తలనొప్పి. వెయిటింగ్ టికెట్ ఉంది కదా, స్లీపర్లో ఎక్కేయాలి. టీటీఈ వస్తే 250 ఫైన్ కట్టేస్తే చాలు, ఎక్కడో ఒకచోట సర్దుకోవచ్చు. డబ్బు వాపసు కోసం చూసేకన్నా అదే నయం.

అత్తిలి_అమ్మాయి (రాత్రి 11:52)
బాబాయ్ గారూ, ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఆన్‌లైన్ టికెట్ చార్ట్ తర్వాత కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే అది దానంతటదే రద్దయిపోతుంది. డబ్బు తిరిగి ఖాతాలో పడుతుంది. ఇక ఆ పీఎన్‌ఆర్ ఉత్త కాగితంతో సమానం. దానితో ఎక్కితే టికెట్ లేకుండా ఎక్కినట్టే. 250 అనేది ఛార్జీకి బదులు కాదు, ఛార్జీ మీద వేసేది. పైగా కనీసం 250 లేదా ఛార్జీ అంత, ఏది ఎక్కువైతే అది. విశాఖ నుంచి సికింద్రాబాద్ స్లీపర్ ఛార్జీ 250 దాటుతుంది కాబట్టి రెండింతలు కట్టినట్టవుతుంది. అయినా బెర్త్ ఇవ్వాలని లేదు, తర్వాతి స్టేషన్లో దింపేయొచ్చు.

మీరు చెప్పే పద్ధతి కౌంటర్ టికెట్ల కాలం నాటిది. కౌంటర్లో తీసిన వెయిటింగ్ టికెట్ దానంతటదే రద్దవదు, చేతిలో ఉంటుంది. దానితో జనరల్ పెట్టెలో వెళ్లొచ్చు, స్లీపర్లో మాత్రం కాదు. డబ్బు కావాలంటే రైలు కదలడానికి 30 నిమిషాల ముందు లోపు రద్దు చేయించాలి. ఆన్‌లైన్‌లో రద్దు చేసినా డబ్బు మాత్రం టికెట్ పట్టుకెళ్లి కౌంటర్లోనే తీసుకోవాలి. ఆ ముప్పై నిమిషాలు దాటితే చిల్లిగవ్వ రాదు. కౌంటర్ టికెట్ కొన్నవాళ్లు పొద్దున చార్ట్ వచ్చింది కదా, డబ్బు అదే వస్తుందని ఊరుకోవడం చూస్తుంటాం. రాదు.

సీటు_సీతయ్య (ఉదయం 6:10)
సరేనమ్మా. కౌంటర్ సంగతి మాత్రం నేను చెప్పిందే కదా.

కాకినాడ_గాలి (ఉదయం 7:26)
చార్ట్ వచ్చేసింది. విచిత్రంగా ఉంది. మొదటి ఇద్దరికి ఆర్‌ఏసీ, S7 లో 39, ఇద్దరికీ అదే నంబర్. మూడో మనిషికి WL 1. టికెట్ రద్దవలేదు. ఇప్పుడు మూడో మనిషి ఎక్కొచ్చా లేదా?

లెక్కల_లింగం (ఉదయం 7:31)
అంటే సరిగ్గ 17 బెర్తులు ఖాళీ అయినయ్! 16 వచ్చి ఆర్‌ఏసీ 33, 17 వచ్చి 34, మీ 18 మొదటి వెయిటింగ్‌ల ఆగిపోయింది. ఒక్క బెర్తుల పోయిందన్నా.

పట్టాల_పక్కన (ఉదయం 7:44)
లింగం గారి లెక్క ఈసారి అక్షరాలా సరిపోయింది. 39 సైడ్ లోయరే, ఇద్దరూ ఒకే బెర్త్ మీద కూర్చుంటారు.

పీఎన్‌ఆర్‌లో ఒక్కరికైనా ఖాయమో ఆర్‌ఏసీయో వస్తే మొత్తం టికెట్ రద్దవదు. ముగ్గురి పేర్లూ చార్ట్‌లో ఉంటాయి, వెయిటింగ్‌లో ఉన్న మూడో మనిషి పేరు కూడా. ఇప్పుడు మీ ముందున్నవి మూడు దారులు. ముగ్గురూ మానేయాలనుకుంటే రైలు కదలడానికి 30 నిమిషాల ముందు, అంటే సాయంత్రం 4:50 లోపు రద్దు చేయండి. మనిషికి 60 చొప్పున 180 రూపాయలు పోతాయి, మిగతా ఛార్జీ వస్తుంది. బుకింగ్ సమయంలో కట్టిన సైటు రుసుము ఎలాగూ రాదు. 4:50 దాటితే రద్దు బటన్ మీద ఆశ పెట్టుకోకండి.

ముగ్గురూ వెళ్తే ఇద్దరికి కూర్చునే చోటుంది, మూడో మనిషికి లేదు. అతనికి సీటు అడిగే హక్కు లేదు. టీటీఈ దగ్గర ఖాళీ వస్తే ఇస్తారు, అదీ ముందు ఆర్‌ఏసీ వాళ్లకి ఇచ్చాకే.

మూడో మనిషి ఒక్కడే మానేస్తే కాస్త పని ఉంది. ఎక్కిన ఇద్దరిలో ఒకరు టీటీఈని అడిగి మూడో వ్యక్తి ప్రయాణించలేదని ధ్రువపత్రం రాయించుకోవాలి. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేయాలి. కారణాల జాబితాలో కొందరే ప్రయాణించారు అనేదాన్ని ఎంచుకోండి. రైలు మీ గమ్యం చేరాక 72 గంటల లోపు వేయాలి. ఆ పత్రం లేకుండా వేస్తే అది నిలబడదు. జనం మర్చిపోయేదీ దాన్నే, ఎందుకంటే దిగే హడావుడిలో టీటీఈ అప్పటికే మారిపోయి ఉంటాడు. అందుకే మొదటిసారి టికెట్ చూడటానికి వచ్చినప్పుడే అడిగేయండి.

వాల్తేరు_వాన (ఉదయం 8:02)
ఇక్కడ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. వెయిటింగ్ వాళ్లు స్లీపర్లో కనబడితే జనరల్‌కి పంపేయమని ఇప్పుడు గట్టిగా అమలు చేస్తున్నారు. పాక్షికంగా వచ్చిన టికెట్లో వెయిటింగ్ మనిషిని కూడా అలాగే పంపితే ఎవరు ఆపుతారు? పేరు చార్ట్‌లో ఉందన్నంత మాత్రాన స్లీపర్లో నిలబడనిస్తారని చెప్పడం అతి ధీమా.

పట్టాల_పక్కన (ఉదయం 8:13)
పేరు చార్ట్‌లో ఉంటుందన్నది రాసి ఉన్న మాట. టికెట్ లేనివాడి కింద జరిమానా వేయకుండా కాపాడేది అదే. పెట్టెలో ఎక్కడ నిలబెడతారన్నది మాత్రం ఆ టీటీఈని బట్టి, ఆ పెట్టెలో రద్దీని బట్టి ఉంటుందని ఒప్పుకుంటాను. పండగ రోజుల్లో మీరన్నట్టే జరగొచ్చు. తీర్పులా చెప్పలేను.

వాల్తేరు_వాన (ఉదయం 8:16)
అదైతే సరే.

గుంటూరు_ఘాటు (ఉదయం 9:40)
ఎవరూ చెప్పని సంగతి నేనడుగుతా. అదే రైల్లో ఇప్పుడు కరెంట్ బుకింగ్‌లో స్లీపర్ 5 ఖాళీలు చూపిస్తోంది. కాకినాడ వాళ్ల మనిషి WL 1 లో వేలాడుతుంటే వేరేవాళ్లకి అమ్ముతున్నారా? ఇది మోసం కాక మరేంటి?

పట్టాల_పక్కన (ఉదయం 10:05)
ఆ ఐదూ ఎక్కడి నుంచి ఎక్కడికి ఉన్నాయో చూశారా? బుకింగ్ సైట్‌లో `Charts / Vacancy` అని ఒక పేజీ ఉంటుంది. రైలు, తేదీ, ఎక్కే స్టేషన్ ఇస్తే పెట్టెల బొమ్మ వస్తుంది. ఒక్కో బెర్త్ ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా ఖాళీయో అందులో కనిపిస్తుంది.

బెర్త్‌ని ఒకే ముక్కగా చూడకండి, రైలు ఆగే స్టేషన్ల మధ్య ముక్కలుగా చూడండి. ఎవరో విశాఖ నుంచి రాజమండ్రి దాకా మాత్రమే కొన్నారనుకోండి. రాజమండ్రి నుంచి సికింద్రాబాద్ దాకా ఆ బెర్త్ ఖాళీ. కాకినాడ వాళ్ల మనిషి విశాఖలో ఎక్కాలి, కాబట్టి ఆ ముక్క అతనికి పనికిరాదు. యంత్రం ఒక ప్రయాణాన్ని రెండు బెర్తుల మీద ముక్కలు చేసి ఇవ్వదు. అందుకే పైన వెయిటింగ్, కింద ఖాళీలు ఒకేసారి కనిపిస్తాయి. ఆ ఖాళీ ముక్కలనే మొదటి చార్ట్ తర్వాత రెండో చార్ట్ దాకా కరెంట్‌లో అమ్ముతారు, ఛార్జీలో పది శాతం తగ్గించి. రెండో చార్ట్ రైలు కదలడానికి 30 నుంచి 5 నిమిషాల ముందు పడుతుంది. అది పడిందంటే అమ్మకం ముగిసినట్టే.

గుంటూరు_ఘాటు (ఉదయం 10:21)
చూశాను. మూడు రాజమండ్రి నుంచి, రెండు విజయవాడ నుంచి సికింద్రాబాద్. సరే, మోసం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా ఇంకో ప్రశ్న మిగిలింది. పూర్తిగా వెయిటింగ్‌లో మిగిలి రద్దైపోయినవాళ్లున్నారు కదా, వాళ్లు పొద్దున 7:20కే లెక్కలోంచి పోయారు. ఆ తర్వాత విశాఖ నుంచే ఎవరో మానేస్తే ఆ బెర్త్ వాళ్లకి ఎలాగూ రాదు. నాలుగు గంటల పద్ధతిలో ఆ ఆరు గంటల్లో మానేసేవాళ్ల బెర్తులన్నీ వెయిటింగ్ వాళ్లకే వచ్చేవి. ఇప్పుడు కొత్తగా కొనేవాడికి పోతున్నాయి. అంటే వెయిటింగ్ వాడికి నష్టమే కదా?

పట్టాల_పక్కన (ఉదయం 10:48)
మీరడిగింది నిజమైన ఇబ్బందే. ఆర్‌ఏసీ వాళ్లు ఇంకా చార్ట్‌లోనే ఉంటారు కాబట్టి వాళ్లకి తర్వాత కూడా అవకాశం ఉంది. రానివాళ్ల బెర్తుల్ని టీటీఈ యంత్రంలో నమోదు చేసి వాళ్లకి ఇస్తాడు. పూర్తిగా రద్దైన ఆన్‌లైన్ వెయిటింగ్ వాడికి మాత్రం తలుపు మూసుకున్నట్టే. అతను చేయగలిగింది ఒకటే, కరెంట్‌లో మళ్లీ కొత్త టికెట్ తీసుకోవడం.

అత్తిలి_అమ్మాయి (ఉదయం 11:10)
నేను ఆ వాదనకి పూర్తిగా ఒప్పుకోను. ఆరు గంటల్లో ఒకటో రెండో బెర్తులు వస్తాయేమో. దానికోసం వెయిటింగ్‌లో ఉన్న వందమందిని మధ్యాహ్నం దాకా వేలాడదీసే కన్నా, పొద్దున్నే తేల్చేస్తే తొంభై తొమ్మిది మంది వేరే దారి చూసుకుంటారు. ఆ దారుల్లో కరెంట్ బుకింగ్ కూడా ఒకటి.

గుంటూరు_ఘాటు (ఉదయం 11:18)
అమ్మాయి గారూ, మీకు వేరే రైలు దొరికే ఊళ్లో ఉన్నారు కాబట్టి అలా అనిపిస్తోంది. రోజుకి ఒక్క రైలు ఆగే స్టేషన్ వాడి సంగతి?

అత్తిలి_అమ్మాయి (ఉదయం 11:25)
రోజుకి ఒక్క రైలు ఉన్నవాడికైతే ఇంకా ముందు తెలియాలి కదండీ.

లెక్కల_లింగం (ఉదయం 11:33)
మీ ఇద్దరి మధ్యల నేను రానుగని ఒక డౌటుంది. తత్కాల్ వెయిటింగ్ వాళ్లు ఈ వరుసల ఎక్కడుంటరు? TQWL 4 ఉంటే మామూలు 18 కన్నా ముంగట అయితదా?

పట్టాల_పక్కన (మధ్యాహ్నం 12:02)
కాదు. చార్ట్‌లో మామూలు వెయిటింగ్‌దే ముందు వరుస. తత్కాల్ వెయిటింగ్ ప్రధానంగా తత్కాల్ కోటాలో ఎవరైనా రద్దు చేసుకుంటేనే కదులుతుంది, పైగా దానికి ఆర్‌ఏసీ మెట్టు కూడా లేదు. ఖాయమవడమో, రద్దవడమో. రద్దైతే డబ్బు తిరిగొస్తుంది, ఖాయమైన తత్కాల్ టికెట్‌కి మాత్రం రాదు. ఈ రెండూ కలిపేసుకుని తత్కాల్ వెయిటింగ్‌కి కూడా డబ్బు పోతుందని భయపడేవాళ్లు చాలామంది.

ఇంకో చిన్న సంగతి. టికెట్ తీసేటప్పుడు `Consider for Auto Upgradation` అని ఒక గడి ఉంటుంది. స్లీపర్ నిండిపోయి థర్డ్ ఏసీలో ఖాళీలుంటే, ఆ గడి నొక్కిన ఖాయం స్లీపర్ వాళ్లని చార్ట్ వేళ పైకి పంపుతారు. వాళ్లు వదిలిన స్లీపర్ బెర్తుల్లోకి మీలాంటి వెయిటింగ్ వాళ్లు వస్తారు. 18 అంకె ఒక్క రాత్రిలో కదలడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

కాకినాడ_గాలి (మధ్యాహ్నం 2:15)
అందరికీ థాంక్సండీ. ముగ్గురం బయలుదేరుతున్నాం. మూడో మనిషికి గుంటూరు గారు చూసిన రాజమండ్రి బెర్త్ ఒకటి కరెంట్‌లో విడిగా తీశాను, పది శాతం తగ్గింపుతో. విశాఖ నుంచి రాజమండ్రి దాకా పాత పీఎన్‌ఆర్ మీద మాతోనే ఉంటాడు. ఇది పనిచేస్తుందా?

పట్టాల_పక్కన (మధ్యాహ్నం 2:31)
కొత్త టికెట్ రాజమండ్రి నుంచి పూర్తిగా చెల్లుతుంది. అక్కడికి రాకముందే టీటీఈకి రెండు టికెట్లూ చూపించండి. లేకపోతే రాజమండ్రిలో రాలేదని గుర్తు పెట్టి ఆ బెర్త్ ఆర్‌ఏసీలో ఇంకొకరికి ఇచ్చేయగలడు. పాత పీఎన్‌ఆర్‌లో మూడో పేరు ప్రయాణించినట్టే అవుతుంది కాబట్టి దాని డబ్బు మాత్రం అడగలేరు.

వాల్తేరు_వాన (మధ్యాహ్నం 2:40)
రాజమండ్రి దాకా స్లీపర్లో నిలబడనిచ్చారో లేదో మాత్రం వచ్చి చెప్పండి. మన పొద్దుటి గొడవ ఇంకా తేలలేదు.